విచారణ లేకుండా వేటు ఎప్పుడు?

మండల ఆఫీసులో ఏసీబీ ట్రాప్ పడిందంటే ఆ తరువాత జరిగే తంతు మనకు తెలిసిందే. ఫిర్యాదుదారు ఇచ్చిన నోట్లకు ముందే ఫినాఫ్తలీన్ పొడి రాసి ఉంటుంది. వాటిని అందుకున్న ఉద్యోగి వేళ్లను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచగానే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఇద్దరు మధ్యవర్తులు పంచనామా మీద సంతకాలు పెడతారు. సాయంత్రానికి టీవీలో వార్త వస్తుంది, రెండు మూడు రోజుల్లో సస్పెన్షన్ ఉత్తర్వు కూడా వస్తుంది. టీ కొట్టు దగ్గర మాత్రం ఒకటే ప్రశ్న: "చేతులు ఎర్రబడ్డాయి, ఊరంతా చూసింది. ఇంకా సస్పెన్షనేమిటి, అక్కడికక్కడే డిస్మిస్ చేయొచ్చుగా?"

అక్కడికక్కడే డిస్మిస్ చేయకూడదన్నది రాజ్యాంగం పెట్టిన నియమం. 311వ అధికరణం రెండో క్లాజు ప్రకారం ప్రభుత్వ ఉద్యోగిని విచారణ జరపకుండా డిస్మిస్ చేయకూడదు, ఉద్యోగం నుంచి తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ క్లాజులోనే మూడు మినహాయింపులున్నాయి. వాటిలో ఒకదాన్ని ప్రభుత్వాలు ఎక్కువగా తప్పుగా వాడతాయి, జనం కూడా తప్పుగానే అర్థం చేసుకుంటారు. అదేమిటో తెలియాలంటే అసలు ఈ రక్షణ ఎందుకు వచ్చిందో ముందు చూడాలి.

రాజుగారి ఇష్టం

ఇంగ్లాండులో పాత కాలం నుంచి ఒక సూత్రం ఉండేది. రాజు కొలువులో ఉన్నవాడు రాజుకు ఇష్టమున్నంత కాలమే ఉంటాడు. వద్దనుకున్న రోజు పంపించేయవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు, ముందుగా నోటీసు ఇవ్వనక్కర్లేదు. మూడేళ్లకని కొలువులోకి తీసుకున్న మనిషిని గడువు తీరకుండానే పంపేసినా కోర్టు అడ్డుపడలేదు. 1896 నాటి డన్ కేసు అలాంటిదే. రాజ్య ప్రయోజనం కోసం రాజుకు ఈ స్వేచ్ఛ ఉండి తీరాలని, దాన్ని ఒప్పందం కూడా కట్టిపడేయలేదని అక్కడి కోర్టులు చెప్పాయి. దీన్నే ప్లెజర్ సిద్ధాంతం అంటారు.

ఈ సూత్రం కంపెనీ, బ్రిటిషు పాలనల వెంట మన దేశానికీ వచ్చింది. 1919 నాటి భారత ప్రభుత్వ చట్టం దాన్ని కొంచెం మెత్తబరచింది. ఉద్యోగి రాజుగారి ఇష్టమున్నంత కాలమే ఉంటాడు, కాని నియమాలకు లోబడి అని అందులో రాశారు. నియమాల్లో విచారణ జరపాలని స్పష్టంగానే ఉంది. అయితే నియమం తప్పితే ఏమవుతుంది?

ఈ ప్రశ్న మద్రాసు రాష్ట్రం నుంచే లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. ఆర్. వెంకటరావు ప్రభుత్వ ముద్రణాలయంలో రీడరు. తనను తీసేసేముందు నియమాల ప్రకారం జరగాల్సిన విచారణ జరగలేదని ఆయన దావా వేశారు. నియమాలు పాటించడం ప్రభుత్వం చేసిన గంభీరమైన వాగ్దానమేనని ప్రివీ కౌన్సిల్ ఒప్పుకుంది. అయితే వాగ్దానం తప్పారని కోర్టుకెక్కే హక్కు మాత్రం ఉద్యోగికి లేదు, పైఅధికారులకు మొరపెట్టుకోవాల్సిందేనని తేల్చింది. 1937 నాటి లా రిపోర్టుల్లో ఈ తీర్పు పక్కనే రంగాచారి అనే పోలీసు అధికారి కేసు కూడా ఉంటుంది. తనను నియమించిన అధికారి కన్నా కింది అధికారి తీసేశాడన్నది ఆయన ఫిర్యాదు. ఆ కేసులో ఉద్యోగే గెలిచాడు. కారణం సులువుగానే అర్థమవుతుంది. కింది అధికారి తీసేయకూడదన్న మాట చట్టంలోనే ఉంది, విచారణ జరపాలన్నది మాత్రం కేవలం నియమాల్లో ఉంది.

ఉద్యోగికి అక్కరకొచ్చే రక్షణ ఏదైనా సరే, నియమాల పుస్తకంలో ఉంటే చాలదని, మూలచట్టంలోకి ఎక్కాలని ఆ జంట తీర్పులు చూపించాయి. 1935 చట్టంలోని 240వ సెక్షన్ తగిన అవకాశం ఇవ్వాలన్న మాటను చట్టంలోకి తెచ్చింది. రాజ్యాంగం రాసినవాళ్లు దాన్ని 311వ అధికరణంగా మలిచారు.

ఇష్టానికి వేసిన కంచె

రాజ్యాంగంలో 310, 311 అధికరణాలను కలిపే చదవాలి. కేంద్ర ఉద్యోగులూ, ఐఏఎస్ వంటి అఖిల భారత సర్వీసుల వారూ రాష్ట్రపతి ఇష్టమున్నంత కాలం, రాష్ట్ర ఉద్యోగులు గవర్నరు ఇష్టమున్నంత కాలం పదవిలో ఉంటారని 310 చెబుతుంది. చూస్తే పాత రాజుగారి సూత్రమే. కాని ఆ అధికరణం మొదట్లోనే, రాజ్యాంగం వేరే విధంగా చెప్పిన చోట తప్ప, అని ఉంది. 311 చెప్పేది ఆ వేరే విధమే. ఇష్టం ఉంది, దాని చుట్టూ కంచె కూడా ఉంది.

కంచెకు రెండు గుంజలు. నియమించిన అధికారి కన్నా కింది అధికారి డిస్మిస్ చేయకూడదు, తొలగించకూడదు అన్నది మొదటిది. కలెక్టరు నియమించిన జూనియర్ అసిస్టెంటును ఆర్డీవో డిస్మిస్ చేస్తే, తప్పు ఎంత రుజువైనా ఆ ఉత్తర్వు నిలవదు. రెండోది విచారణ. ఆరోపణ ఏమిటో చెప్పాలి, దాన్ని ఎదుర్కొనడానికి తగిన అవకాశం ఇవ్వాలి.

విచారణ అంటే ఏదో పిలిచి అడగడం కాదు. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల 1991 నాటి సీసీఏ నియమాల్లో 20వ నియమం దాని దారి చూపిస్తుంది. ముందు చార్జి మెమో వస్తుంది. అందులో అభియోగాలూ, వాటికి ఆధారమైన సంగతుల వివరణా, పత్రాల జాబితా, సాక్షుల జాబితా ఉండాలి. ఉద్యోగి రాతపూర్వకంగా జవాబిస్తాడు. ఒప్పుకోకపోతే ఎంక్వయిరీ ఆఫీసరునూ, శాఖ తరఫున వాదించే ప్రెజెంటింగ్ ఆఫీసరునూ వేస్తారు. సాక్షుల్ని ఉద్యోగి ఎదుటే విచారించాలి, అడ్డుప్రశ్నలు వేయడానికి అతనికి వీలివ్వాలి. చివర్లో ఎంక్వయిరీ ఆఫీసరు తన నివేదిక ఇస్తాడు. ఏ అభియోగం రుజువైందో, ఏది కాలేదో అందులో ఉంటుంది.

1976లో వచ్చిన 42వ సవరణకు ముందు ఉద్యోగికి రెండో అవకాశం కూడా ఉండేది. వేయబోయే శిక్ష మీద మళ్లీ సంజాయిషీ అడగాల్సి వచ్చేది. సవరణ దాన్ని తీసేసింది. అయితే 1993లో హైదరాబాదు ఈసీఐఎల్ వర్సెస్ కరుణాకర్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. శిక్ష మీద సంజాయిషీ అడగనక్కర్లేదు గాని, ఎంక్వయిరీ నివేదిక ప్రతిని ఉద్యోగికిచ్చి దాని మీద అతను చెప్పేది వినాలి. తాను చూడని కాగితం మీద తన ఉద్యోగం పోకూడదు కదా.

ఈ కంచె అందరికీ ఉండదు. సైనికులు 310 కిందికి వస్తారు గాని 311 కిందికి రారు. సింగరేణి, విశాఖ ఉక్కు వంటి కంపెనీల ఉద్యోగులు ప్రభుత్వ సంస్థల్లో ఉన్నా 311 దృష్టిలో ప్రభుత్వ ఉద్యోగులు కారు. వారికి తమ సంస్థ నియమాలూ, కార్మిక చట్టాలూ దిక్కు. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ సిబ్బంది 2020 జనవరి 1న ప్రభుత్వంలో విలీనమయ్యారు గనుక వారి పరిస్థితి మారింది. ఏజెన్సీ ద్వారా వచ్చే అవుట్‌సోర్సింగ్ ఉద్యోగి అదే ఆఫీసులో పక్క కుర్చీలోనే కూర్చున్నా ఈ కంచెకు బయటే ఉంటాడు.

ఇంకో సంగతి. సస్పెన్షన్ శిక్ష కాదు, విచారణ తేలేదాకా పక్కన పెట్టడం మాత్రమే. అందుకే దానికి ముందు 311 విచారణ అక్కర్లేదు. టీ కొట్టు ప్రశ్నకు సగం జవాబు ఇదే. ట్రాప్ పడ్డ మర్నాడు ప్రభుత్వం చట్టబద్ధంగా చేయగలిగింది సస్పెన్షనే.

మూడు తలుపులు

కంచెలో మూడు తలుపులున్నాయి. వాటిలోంచి వెళ్తే విచారణ లేకుండానే వేటు వేయవచ్చు.

మొదటి తలుపు, క్రిమినల్ కేసులో శిక్ష పడటం. కోర్టు సాక్షుల్ని విచారించి నేరం రుజువైందని తేల్చాక, అదే సంగతి మీద శాఖ మళ్లీ విచారణ జరపనక్కర్లేదు. కాని ఇక్కడా డిస్మిస్ దానంతటదే రాదు. శిక్షకు దారితీసిన నడవడిక ఎలాంటిదో అధికారి చూడాలి. 1985లో శంకర్ దాస్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఢిల్లీ పాల పథకంలో క్యాష్ క్లర్కుగా ఉన్న ఆయన 500 రూపాయలు జమ కట్టకుండా వాడుకుని, తరువాత తిరిగి కట్టేశారు. నేరం రుజువైనా మేజిస్ట్రేటు ఆయన్ని మంచి నడవడిక షరతు మీద వదిలేశారు. శాఖ మాత్రం డిస్మిస్ చేసింది. పార్కింగ్ వద్దన్న చోట స్కూటర్ పెట్టినందుకు శిక్ష పడ్డవాణ్ని కూడా డిస్మిస్ చేస్తారా అన్న ధోరణిలో కోర్టు అడిగి, ఉద్యోగం తిరిగి ఇప్పించింది. లంచం కేసులో శిక్ష పడితే మాత్రం సంగతి వేరు. అక్కడ డిస్మిస్ తప్పడం అరుదు.

మూడో తలుపు, రాజ్య భద్రత. విచారణ జరపడం రాజ్య భద్రత దృష్ట్యా మంచిది కాదని రాష్ట్రపతి గాని గవర్నరు గాని భావిస్తే దాన్ని పక్కన పెట్టవచ్చు. ఇంటెలిజెన్స్ సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో బయటపెట్టలేని సందర్భాల కోసం ఇది. ఈ తలుపును జమ్ము కాశ్మీర్‌లో 2021 నుంచి ఎక్కువగా వాడారు. తీవ్రవాదులతో సంబంధాలున్నాయన్న ఆరోపణ మీద పదుల సంఖ్యలో ఉద్యోగులను తీసేశారు.

రెండో తలుపు దగ్గరే గొడవంతా. విచారణ జరపడం సహేతుకంగా సాధ్యం కాదని శిక్ష వేసే అధికారి భావించి, అందుకు కారణాలను రాసిపెడితే విచారణ అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ నియమాల్లో దీనికి 25వ నియమం, కేంద్ర నియమాల్లో 19వ నియమం ఉన్నాయి. సాధ్యం కాదన్నది ఎవరు తేల్చాలి? ఎలాంటి పరిస్థితిలో? ఈ ప్రశ్నలకు 1985 జులై 11న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం జవాబిచ్చింది. అదే తులసీరాం పటేల్ కేసు.

జబల్‌పూర్ నుంచి బొకారో దాకా

తులసీరాం పటేల్ జబల్‌పూర్‌లో మిలిటరీ ఇంజనీరింగ్ సర్వీసు ఆడిట్ ఆఫీసులో ఆడిటరు. 1976లో ఒక పైస్థాయి ఉద్యోగి తల మీద ఇనుప కడ్డీతో కొట్టారు. నేరం రుజువైంది. మేజిస్ట్రేటు జైలుకు పంపకుండా బాండు రాయించుకుని వదిలేశారు. శాఖ మాత్రం విచారణ లేకుండా, మొదటి తలుపు కిందే, నిర్బంధ పదవీ విరమణ శిక్ష వేసింది. హైకోర్టు దాన్ని కొట్టేసింది. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును తిరిగి నిలబెట్టింది.

ఆ కేసుతో కలిపి మరెన్నో కేసులు విన్నారు. రెండో తలుపుకు అసలు పరీక్ష బొకారో కేసు. 1979లో బొకారో ఉక్కు కర్మాగారంలో కాపలా ఉండే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం సిబ్బందిలో ఆందోళన రేగింది. ఆయుధాలు చేతిలో ఉన్న దళమది. పైఅధికారుల మాట చెల్లలేదు, బెదిరింపులు సాగాయి, చివరికి సైన్యాన్ని రప్పించాల్సి వచ్చింది. అలాంటి చోట చార్జి మెమో ఇచ్చి, సాక్షిని పిలిచి, నిందితుడి ఎదుట నిలబెట్టి అడ్డుప్రశ్నలు వేయించడం జరిగే పనేనా? కాదని కోర్టు ఒప్పుకుంది. విచారణ లేకుండా తీసేసిన ఉత్తర్వులు నిలిచాయి.

ఐదుగురు న్యాయమూర్తుల్లో నలుగురి తరఫున తీర్పు రాసిన జస్టిస్ మదన్, రెండో తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో మూడు రకాల పరిస్థితులతో వివరించారు. ఉద్యోగి తానుగా గాని తన మనుషులతో గాని సాక్షుల్ని బెదిరించి నోరు మెదపకుండా చేయడం ఒకటి. శిక్ష వేయాల్సిన అధికారినో, అతని కుటుంబాన్నో భయపెట్టడం రెండోది. ఆఫీసంతా హింసా, ధిక్కారం నిండి విచారణ సాగే వాతావరణమే లేకపోవడం మూడోది. విచారణ పూర్తిగా అసాధ్యం కానక్కర్లేదు. మామూలు బుద్ధి ఉన్న మనిషి ఆ పరిస్థితి చూసి, ఇక్కడ విచారణ సాగదు అనుకుంటే చాలు.

ఈ మూడింటినీ మరోసారి చూడండి. మూడింటిలోనూ తప్పు ఎంత పెద్దదన్న ప్రస్తావనే లేదు. చేసింది ఘోరమా, స్వల్పమా అన్న దానితో ఈ తలుపుకు పని లేదు. సాక్షి రాగలడా, నోరు విప్పగలడా, విచారణాధికారి కూర్చోగలడా అన్నదే దాని లెక్క. ఎక్కువ మంది పొరబడేది సరిగ్గా ఇక్కడే.

టీ కొట్టు ప్రశ్నకు మిగిలిన సగం జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. ట్రాప్ కేసులో ఫిర్యాదుదారున్నాడు. సంతకాలు పెట్టిన మధ్యవర్తులున్నారు. గులాబీ రంగు నీళ్లు సీసాలో సీలు వేసి ల్యాబుకు వెళ్లాయి. దాడి చేసిన ఏసీబీ అధికారులున్నారు. ఇంతమంది సాక్షులు సిద్ధంగా ఉన్న కేసులో విచారణ సాధ్యం కాదని రాస్తే ఎలా నిలుస్తుంది? సాక్ష్యం ఎంత గట్టిగా ఉంటే విచారణ అంత సులువు. కాబట్టి తప్పు కళ్లెదుట కనబడుతోంది, విచారణ ఎందుకు అన్న వాదనను ఈ తలుపు దగ్గరికే రానివ్వరు. ఆ ఉద్యోగి రేపు ఫిర్యాదుదారు ఇంటి మీదికి మనుషుల్ని పంపితే, ఆ సాక్షి అదే మాట రాసిస్తే, అప్పుడు లెక్క మారవచ్చు. లేదా ఏసీబీ కోర్టులో శిక్ష పడితే మొదటి తలుపు తెరుచుకుంటుంది.

రాసిపెట్టాలి, నిజంగా ఉండాలి

రెండో తలుపు తెరవాలంటే కారణాలు రాసి ఉండాలి. అవి ఉత్తర్వులోనే ఉండాలన్న నిర్బంధం లేదు, ఫైల్లో ఉన్నా సరిపోతుంది. ఉత్తర్వు వేశాక తీరిగ్గా కారణాలు రాస్తే మాత్రం కుదరదు. శిక్షకు ముందే ఉండాలి. అధికారి నిర్ణయమే అంతిమమని 311 మూడో క్లాజు అంటుంది. అంతిమం అన్నంత మాత్రాన కోర్టు చూడకూడదని కాదు. ఆ కారణాలకు ఆధారం ఉందా, దురుద్దేశం ఉందా, కేసు బలహీనంగా ఉంది గనుక విచారణ తప్పించుకున్నారా అని కోర్టు చూస్తుంది.

తులసీరాం పటేల్ తీర్పు వచ్చాక ఐదారేళ్లకే ఇది రుజువైంది. పంజాబ్‌లో జస్వంత్ సింగ్ అనే హెడ్ కానిస్టేబులును, సాక్షుల్ని బెదిరిస్తున్నాడని చెప్పి విచారణ లేకుండా డిస్మిస్ చేశారు. బెదిరింపు ఎప్పుడు జరిగింది, ఎవరిని బెదిరించాడు అని అడిగితే ఫైల్లో ఆధారం లేదు. పైగా అంతకు ముందు అతనికి షోకాజ్ నోటీసులు ఇచ్చి ఉన్నారు. నోటీసు ఇవ్వడం సాధ్యమైనప్పుడు విచారణ ఎందుకు సాధ్యం కాదు? అధికారి అనుకున్నాడంటే చాలదని, అనుకోవడానికి నిలిచే ఆధారం కావాలని సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది.

ఒక ఉత్తర్వు నిలుస్తుందా లేదా అన్నది దాని మాటల్ని బట్టే చాలావరకు తెలిసిపోతుంది. "ఆరోపణలు తీవ్రమైనవి, ప్రజల్లో శాఖ పరువు పోయింది, అందువల్ల విచారణ సాధ్యం కాదు" అని ఉంటే అది బలహీనమైన ఉత్తర్వు. మొదటి రెండు మాటలకూ మూడో మాటకూ లంకె లేదు. "ఫలానా తేదీన ఫలానా సాక్షి ఇంటికి ఉద్యోగి మనుషులు వెళ్లి బెదిరించారు, ఆ సాక్షి ఫిర్యాదు చేశాడు, మిగిలినవారు రావడానికి నిరాకరిస్తూ రాసిచ్చారు" అని ఉంటే అది నిలబడే ఉత్తర్వు. చట్టం మాటల్ని ఉన్నదున్నట్టు ఎత్తిరాసి కింద సంతకం పెట్టిన ఉత్తర్వులు కోర్టు మెట్లెక్కగానే కూలిపోతాయి.

వేటు పడ్డ ఉద్యోగికి దారి మూసుకుపోదు. పైఅధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఆనాటి ఉద్రిక్తత చల్లారిపోయి ఉంటే, ఇప్పుడైనా విచారణ జరిపించండి అని అప్పీల్లో అడగవచ్చు. తులసీరాం పటేల్ తీర్పే ఆ అవకాశం ఇచ్చింది. ఆ తరువాత కేంద్ర ఉద్యోగులైతే కేంద్ర పరిపాలనా ట్రిబ్యునలు, రాష్ట్ర ఉద్యోగులైతే హైకోర్టు ఉన్నాయి. అక్కడికి వెళ్లేవారు ముందుగా అడగాల్సింది ఫైల్లో రాసిన కారణాలనే.

తప్పు చేసినవాడికి ఇన్ని అవకాశాలా అని మనకు కోపం రావడం సహజం. ఆ కోపానికి జడిసి, సరైన కారణం రాయకుండా విచారణ లేకుండా తీసేస్తే లాభపడేది ఆ తప్పు చేసినవాడే. ఏళ్ల తరువాత కోర్టు ఉత్తర్వును కొట్టేస్తుంది. అతను అదే కుర్చీలోకి తిరిగి వస్తాడు, చాలా సందర్భాల్లో పాత జీతం బకాయిలతో సహా. ఆ బకాయిలు కట్టేది మన పన్నుల్లోంచే. కాబట్టి ఈసారి ట్రాప్ వార్త చూసినప్పుడు వెంటనే డిస్మిస్ చేయలేదేమని కాదు, చార్జి మెమో ఎప్పుడిచ్చారు, విచారణ ఎన్నాళ్లలో ముగిస్తారు అని అడగండి.